కీమో తర్వాత ఎగుడుదిగుడుగా వచ్చిన జుట్టు: మొదటి కత్తిరింపు, రోజువారీ అమరిక

కీమో ముగిసిన నాలుగైదు నెలలకు చాలామందికి తలంతా జుట్టు వచ్చేస్తుంది. ఆకారం మాత్రం కుదరదు. వెనక మెడ మీదికి తోకలా దిగుతుంది, చెవుల పైన రెక్కల్లా పక్కలకు లేస్తుంది, నుదుటి దగ్గర పొట్టిగా పలచగా ఉంటుంది. అప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే: కత్తెర పెట్టకండి, పెరగనివ్వండి, అదే సర్దుకుంటుంది.

అది సర్దుకోదు. తలమీద జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నుదుటి దగ్గర జుట్టు ఈరోజు మెడ దగ్గరి జుట్టుకన్నా రెండు సెంటీమీటర్లు వెనకబడి ఉంటే, రెండు చోట్లా ఒకే వేగంతో పెరిగినా ఆ రెండు సెంటీమీటర్లు అలాగే మిగులుతాయి. ముందు భాగం నెమ్మదిగా పెరిగితే తేడా ఇంకా పెద్దదవుతుంది. ముందు భాగాన్ని తొందరపెట్టే మార్గం మన చేతుల్లో లేదు. వెనక భాగాన్ని ఆపడం మాత్రం మన చేతుల్లో ఉంది. కాబట్టి ఇక్కడ చేయాల్సిన పని, త్వరగా పెరిగిన చోట కత్తిరిస్తూ, వెనకబడిన చోట ముట్టుకోకుండా ఉంచడం. ఆ తర్వాత మిగిలినదాన్ని నీళ్లతో, గాలితో ఒక దిశకు పడుకోబెట్టడం.

ఈ మార్గదర్శి పైభాగంలో రెండున్నర నుంచి ఏడు సెంటీమీటర్ల దాకా జుట్టు ఉన్న దశకు పనికొస్తుంది. అంతకన్నా పొట్టిగా, నూగులా ఉన్నప్పుడు అమర్చడానికి ఏమీ ఉండదు. అప్పుడు మెత్తని టోపీయో స్కార్ఫో చాలు. విగ్గు పెట్టుకున్నా కింద పెరిగే జుట్టు ఆగదు. అంచులు చర్మాన్ని ఒరుసుకోకుండా చూసుకుంటే సరిపోతుంది.

ఎగుడుదిగుడు ఎందుకు వస్తుంది

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. పెరుగుదల దశలో ఉన్న కుదుళ్లలోని కణాలూ అలాంటివే కాబట్టి జుట్టు మొత్తం దాదాపు ఒకేసారి రాలిపోతుంది. కోలుకోవడం మాత్రం ఒకేసారి జరగదు. కొన్ని కుదుళ్లు చికిత్స ఆగిన మూడు నాలుగు వారాలకే పని మొదలుపెడితే, కొన్ని ఇంకో నెల, రెండు నెలలు ఆగుతాయి. చాలా తలల్లో మెడ, చెవుల చుట్టూ ముందుంటాయి. నడినెత్తి, కణతలు, నుదుటి అంచు వెనకబడతాయి.

కొత్త జుట్టు తీరు కూడా వేరుగా ఉండొచ్చు. ముందు తిన్నగా ఉన్నవాళ్లకు ఉంగరాలు తిరగడం, నల్లగా ఉన్నవాళ్లకు బూడిద రంగులో రావడం మామూలే. రంగునిచ్చే కణాలు కోలుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఈ మార్పులు ఎక్కువమందికి ఏడాదిలోపు తగ్గుతాయి, కొందరికి ఉండిపోతాయి. ఒకే తలమీద వెనక ఉంగరాలు, ముందు తిన్నని వెంట్రుకలు ఉండటం అమరికను ఇంకాస్త కష్టం చేస్తుంది.

ఇంకో చిన్న సంగతి ఉంది, కానీ కత్తిరింపుకు అదే కీలకం. ఈ వెంట్రుకలకు ఇంతవరకూ కత్తెర తగలలేదు. అందుకే ప్రతి కొస సూదిలా సన్నబడి ఉంటుంది. ఆ సన్నని కొసల వల్లే అంచులు పారదర్శకంగా, జుట్టు ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లు తీసేస్తే మొద్దు అంచు వస్తుంది, ఆ అంచు ఒత్తుగా కనిపిస్తుంది. కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా పెరుగుతుందన్న నమ్మకం ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. నిజానికి కత్తెర సంగతి కుదురుకు తెలియదు.

కత్తెర పట్టే ముందు

మొదట మాడు చూసుకోండి. ఎర్రదనం, చీము పొక్కులు, పుండ్లు ఉంటే కత్తిరింపు వాయిదా వేయండి. చికిత్స ఇంకా కొనసాగుతుంటే, లేదా ఇటీవలి పరీక్షలో తెల్ల రక్తకణాలో ప్లేట్‌లెట్లో తక్కువని చెప్పి ఉంటే చికిత్స బృందాన్ని అడిగాకే మొదలుపెట్టండి. చిన్న గాటు కూడా ఆ సమయంలో ఇన్ఫెక్షన్‌కో, ఆగని రక్తానికో దారితీయొచ్చు. ఏ దశలోనైనా సరే, మెడ అంచును బ్లేడుతో గీయించుకోవద్దు. ట్రిమ్మర్ చాలు.

వెనక భాగం మరొకరి చేత చేయించుకోవడం మేలు. శస్త్రచికిత్సలో చంకలోని లింఫు గ్రంథులు తీసినవాళ్లకు ఆ వైపు చేయి ఎత్తి ఉంచితే త్వరగా నొప్పి పుడుతుంది. వేళ్లలో తిమ్మిరి మిగిలినవాళ్లకు కత్తెర మొన ఎక్కడుందో తెలియదు. సెలూన్‌కు వెళ్లినా కింద చెప్పిన లెక్క తెలిసి వెళ్లండి. పొట్టి జుట్టు చూడగానే అన్నివైపులా సమంగా దించేసే చేతులే ఎక్కువ.

తర్వాత కొలతలు. జుట్టు కడిగి, ఏ క్రీమూ రాయకుండా పూర్తిగా ఆరనివ్వండి. ఒక చిన్న స్కేలును మాడుకు ఆనించి, ఒక పాయను మెల్లగా సాగదీసి ఈ చోట్ల కొలవండి: వెనక మెడ, రెండు చెవుల పైన, నడినెత్తి, నెత్తి ముందు భాగం, ఎడమ కణత, కుడి కణత, నుదుటి మధ్య. ఉంగరాలు ఉంటే సాగదీసిన పొడవుతోపాటు వదిలేశాక ఎంత ఉందో కూడా రాసుకోండి. మనిషికి కనిపించేది ఆ రెండోదే. సుడి ఎక్కడుంది, ఎటు తిరుగుతోంది అన్నదీ ఇప్పుడే గుర్తించండి. పాత జుట్టు పొడవుగా ఉన్నప్పుడు బరువుకు అణిగి ఉన్న సుడులు ఇప్పుడు కొత్తగా బయటపడతాయి.

ఒక తల, దాని లెక్క

చికిత్స ముగిసి ఐదు నెలలైన ఒక తలను తీసుకుందాం. వెనక మెడ దగ్గర 5 సెంటీమీటర్లు, చెవుల పైన 4, నడినెత్తిన 4, నెత్తి ముందు భాగంలో 3.5, నుదుటి అంచున 2.5, కుడి కణత దగ్గర 2, ఎడమ కణత దగ్గర 1.5. వెనక భాగంలో కొద్దిగా ఉంగరాలు ఉన్నాయి.

ఈ లెక్కలో ఆకారాన్ని నిర్ణయించేది అన్నింటికన్నా చిన్న అంకె, అంటే ఎడమ కణత. అక్కడ 15 మిల్లీమీటర్లే ఉంది కాబట్టి పక్కలన్నీ ఇంచుమించు అంత పొడవుకు దించితే ఆ లోటు ఎవరికీ కనిపించదు. ట్రిమ్మర్‌కు తగిలించే గార్డుల్లో 5వ నంబరు 16 మిల్లీమీటర్లు వదులుతుంది. ఎడమ కణత మీద ఆ గార్డు నడిపినా ఏమీ తెగదు. కుడి కణత, చెవుల పైభాగం మాత్రం దాని స్థాయికి వస్తాయి. గార్డు నంబర్ల కొలతలు కంపెనీని బట్టి అటూఇటూ కావచ్చు, గార్డు మీద మిల్లీమీటర్లు చూసుకోండి.

రెండో ఆలోచన నుదుటి అంచు గురించి. అక్కడ 2.5 సెంటీమీటర్లే, పైగా పలచన. దాని వెనక రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న వెంట్రుకల పొడవు 3.5. వాటిని ముందుకు దువ్వితే నుదుటి అంచును దాటి ఒకటిన్నర సెంటీమీటరు కిందికి వస్తాయి. అంటే పలచగా ఉన్న అంచు పూర్తిగా కప్పబడుతుంది. అందుకే ఈ తలకు జుట్టును వెనక్కి దువ్వే అమరిక పనికిరాదు, ముందుకు పడే అమరికే సరైనది. వెనక్కి దువ్వితే మిగతా లోపాలన్నీ మరుగునపడి ఆ ఒక్క పలచని అంచే అందరికీ ముందు కనిపిస్తుంది.

కత్తిరింపు, వరుసగా

జుట్టు పొడిగా ఉండగానే కత్తిరించండి. తడిసినప్పుడు ఉంగరాలు సాగి, ఉన్నదానికన్నా పొడవుగా కనిపిస్తాయి. అప్పుడు సరిగ్గా కోసినట్టే ఉంటుంది, ఆరాక సెంటీమీటరు పైకి లేచిపోతుంది. ఇంత పొట్టి జుట్టులో ఆ సెంటీమీటరు తిరిగి రావడానికి నెల పడుతుంది.

ముందుగా పైభాగాన్ని వేరు చేయండి. రెండు కనుబొమల బయటి చివరల నుంచి తల వెనకకు, నడినెత్తి దాకా రెండు గీతలు ఊహించుకోండి. వాటి మధ్య ఉన్నదంతా పైభాగం. పట్టేంత పొడవున్న చోట చిన్న క్లిప్పులతో పట్టి ఉంచండి, లేకపోతే తడి చేత్తో లోపలికి అణచండి. ఈ భాగానికి ట్రిమ్మర్ తగలకూడదు.

మొదటి విడత వెనక మెడ. 8వ నంబరు గార్డుతో, అంటే 25 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, కింది నుంచి పైకి, తల గుండ్రం తిరిగే చోటు దాకా నడపండి. అక్కడికి చేరగానే ట్రిమ్మర్‌ను తలకు అంటిపెట్టకుండా బయటికి తీసేయాలి. తలను అంటిపెట్టి పైదాకా లాగితే నడినెత్తిన మెట్టు పడుతుంది. కొత్త జుట్టు మెత్తగా ఉండి గార్డు కింద వంగిపోతుంది, ఒక్కసారికి తెగదు. నెమ్మదిగా, వెంట్రుకలు పెరిగే దిశకు ఎదురుగా రెండు సార్లు నడపండి. తర్వాత 6వ నంబరుతో, అంటే 19 మిల్లీమీటర్లతో, కింది సగం మాత్రమే. చివరికి మెడ అంచు నుంచి రెండు వేళ్ల ఎత్తు వరకు 4వ నంబరు, 13 మిల్లీమీటర్లు. మూడు పొడవులు కలిసే చోట్ల గీతలు కనిపిస్తే దువ్వెనను ఏటవాలుగా పట్టి, దాని పళ్ల బయటికి వచ్చిన కొసలను మాత్రమే కత్తెరతో తీయండి.

రెండో విడత పక్కలు. చెవి చుట్టూ, కణత దాకా 5వ నంబరు. దాని పైన పైభాగం గీత వరకు 8వ నంబరు. చెవి వెనక జుట్టు బయటికి పొడుచుకొస్తుంది. చెవిని ముందుకు మడిచి అక్కడ విడిగా చూడండి. ప్రతి రెండు మూడు కదలికలకూ అద్దంలో రెండు వైపులా పోల్చుకోండి. ఎక్కువ తీసేసిన వైపును చూసి రెండోది సరిచేయడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

మూడో విడత పైభాగం. ఇక్కడ పొడవు తగ్గించే పని లేదు. సన్నని కొసలు మాత్రమే తీయాలి. రెండు వేళ్ల మధ్య పాయను నిలువుగా పట్టి, కత్తెర మొనను కూడా నిలువుగా పెట్టి, మూడు మిల్లీమీటర్ల లోతున అక్కడక్కడా కోయండి. అడ్డంగా ఒకే వరుసన కోస్తే పొట్టి జుట్టులో గిన్నె బోర్లించినట్టు గీత పడుతుంది. నుదుటి అంచున అసలు కోయవద్దు. పలచన చేసే పళ్ల కత్తెరను దగ్గరికి రానివ్వొద్దు. దాని పని ఒత్తును తగ్గించడం, ఇక్కడ లేనిదే ఒత్తు. సెలూన్‌లో ముందే చెప్పాల్సిన మాటలు మూడే: పక్కలు, మెడ దించండి; పైన కొసలు మాత్రమే; పళ్ల కత్తెర, బ్లేడు వద్దు.

పూర్తయ్యాక తల ఊపి చూడండి. చెవుల పైన రెక్కలు ఇంకా లేస్తుంటే 8వ నంబరు నడిపిన భాగం ఎక్కువగా మిగిలిందని అర్థం. 5వ నంబరును ఇంకో వేలెడు పైకి తీసుకెళ్లండి. వెనకనుంచి చూస్తే తల చదునుగా అనిపిస్తే మాత్రం 8వ నంబరు మరీ పైదాకా వెళ్లిపోయింది. దానికి ఇప్పుడు చేయగలిగింది లేదు, వచ్చేసారి అక్కడికి రెండు వేళ్ల కిందే ఆగాలి.

రోజూ అమర్చడం

వెంట్రుక తడిసినప్పుడు లోపలి బంధాల్లో కొన్ని విడిపోతాయి, ఆరేటప్పుడు ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే మళ్లీ బిగుసుకుంటాయి. దిండు మీద వంకరగా ఆరిన జుట్టు పొద్దున్న వంకరగా నిలబడటానికి కారణం ఇదే. పొడి జుట్టు మీద ఎంత దువ్వినా, ఎంత జెల్ రాసినా అది మారదు. కుదుళ్ల దాకా తడపాల్సిందే. కొసలు మాత్రం తడిపితే కింద వంకర అలాగే ఉంటుంది.

స్ప్రే బాటిల్‌తో తడిపి, వేలికొసలతో కుదుళ్ల దగ్గర ఒక అర నిమిషం కదపండి. టవల్‌తో రుద్దకుండా అద్దండి. తర్వాత, ఇంకా తడిగా ఉండగానే క్రీమ్ రాయాలి. ఈ పొడవుకు తలంతటికీ బఠాణీ గింజంత చాలు. అరచేతుల్లో పూర్తిగా పరుచుకున్నాక ముందు వెనక భాగానికి, తర్వాత పక్కలకు, చివరగా చేతిలో మిగిలిన జిడ్డుతో నుదుటి దగ్గర. ఇంచుమించు అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. క్రీమంతా ముందు నుదుటి మీద పడుతుంది, అక్కడి పలచని వెంట్రుకలు పాయలుగా అతుక్కుని మధ్యలో మాడు కనిపిస్తుంది.

ఏ రకం వాడాలన్నది జుట్టు సన్నదనాన్ని బట్టి ఉంటుంది. నూగుదనం పోని జుట్టుకు నురుగులా వచ్చే తేలికపాటి మూస్, ఒక పెద్ద గోళీ అంత. ఉంగరాలకు కడగకుండా వదిలేసే తేలిక క్రీమ్. వ్యాక్స్, పోమేడ్, మెరిసే జెల్, నూనె ఈ దశలో దాదాపు ఎప్పుడూ నష్టమే చేస్తాయి. బరువుకు జుట్టు అణిగిపోతుంది, పాయలు కడుతుంది, కనబడకూడదనుకున్న మాడే మెరుస్తుంది. మాడు ఇంకా సున్నితంగా ఉంటే సువాసన లేనివి ఎంచుకోండి.

సుడిని అణచాలంటే దాని దిశకు ఎదురుగా ఒక్కవైపే దువ్వితే చాలదు. చదునైన దువ్వెనతో అక్కడి వెంట్రుకలను ముందు ఎడమకు, తర్వాత కుడికి, మళ్లీ ఎడమకు మాడుకు అంటిస్తూ తోస్తూ, పైనుంచి డ్రయర్ గాలి పెట్టండి. అటూ ఇటూ తోసేసరికి కుదురు దగ్గరి మొండితనం తగ్గి వెంట్రుక నిటారుగా లేస్తుంది. అప్పుడు కావాల్సిన దిశకు తిప్పి, చల్లగాలి పెట్టి కదలకుండా పది సెకన్లు ఆగండి. ముందు భాగానికి కూడా ఇదే పద్ధతి, చివరి దిశ మాత్రం నుదుటి వైపు, కొద్దిగా ఏటవాలుగా ఎడమ కణత వైపుకు. బలహీనమైన వైపుకే పడనివ్వాలి, అప్పుడే అది కప్పబడుతుంది.

డ్రయర్ అన్నింటికన్నా తక్కువ వేడిలో, తలకు 15 సెంటీమీటర్లకు తగ్గని దూరంలో ఉండాలి. చేతివేళ్లకు తిమ్మిరి ఉన్నవాళ్లు గాలి వేడిని వేళ్లతో చూడొద్దు, మోచేతి లోపలివైపు చూడండి. తలకు రేడియేషన్ ఇచ్చిన చోట వేడి గాలి అసలు వద్దు. ఉంగరాలు ఉన్నవాళ్లు డ్రయర్ ముక్కుకు గాలిని నలువైపులా చెదరగొట్టే డిఫ్యూజర్ తగిలించాలి, లేదంటే తడి జుట్టును అరచేత్తో పైకి నొక్కి వదిలేసి దానంతట ఆరనివ్వాలి. ఆరేటప్పుడు దువ్వితే ఉంగరాలు విడిపోయి తలంతా పింజలా లేస్తుంది.

ముందు భాగంలో ఇంకా మాడు కనబడుతుంటే జుట్టు రంగుకు దగ్గరగా ఉన్న మెరుపులేని పొడిని, మెత్తని బ్రష్‌తో, వెంట్రుకల మీద కాక మాడు మీద అద్దండి. చర్మానికీ జుట్టుకూ మధ్య రంగు తేడా తగ్గితే పలచన సగం కనిపించదు. పుండ్లు, మంట లేని చర్మం మీదే ఇది చేయాలి, రాత్రి పడుకునే ముందు కడిగేయాలి. పాపిడి తీయకండి. పలచని జుట్టులో పాపిడి అంటే కనబడే చర్మానికి దారి వేసినట్టే.

ఆగాల్సినవి

రంగు, స్ట్రెయిటెనింగ్, పెర్మింగ్ లాంటి రసాయనాలకు సాధారణంగా చికిత్స ముగిసిన ఆరు నెలల దాకా ఆగమంటారు. ఆ తర్వాతైనా మీ వైద్యుడిని అడిగి, చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూసి మొదలుపెట్టండి. ఇంతకుముందు పడిన రంగే ఇప్పుడు పడకపోవచ్చు. ఉంగరాలు నచ్చలేదని స్ట్రెయిటెనింగ్ చేయించడం రెండు రకాలుగా నష్టం: అవి చాలామందికి వాటంతటవే పోతాయి, పైగా ఆ ఉంగరాల వల్లే జుట్టు ఒత్తుగా కనిపిస్తోంది. జోడింపు జుట్టు, అంటే ఎక్స్‌టెన్షన్లు, ఇంకా ఆలస్యంగా పెట్టించుకోవాలి. దాని బరువును ఇప్పటి సన్నని వెంట్రుకలు మోయలేవు, లాగుడుకు కుదుళ్లు మళ్లీ దెబ్బతింటాయి.

జుట్టు పెరగాలని వేసుకునే బయోటిన్ మాత్రల గురించి ఒక్క మాట. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే థైరాయిడ్, గుండెకు సంబంధించిన కొన్ని పరీక్షల ఫలితాలు తప్పుగా రావొచ్చు. తరచూ పరీక్షలు చేయించుకునేవాళ్లు వైద్యుడికి చెప్పకుండా వేసుకోకూడదు.

చికిత్స ముగిసి ఆరు నెలలైనా ఏదో ఒకచోట నూగు కూడా రాకపోతే, వచ్చిన జుట్టు మళ్లీ రాలుతుంటే, గుండ్రని నున్నటి మచ్చ పెద్దదవుతుంటే అది కత్తెరతో తేలే సమస్య కాదు, చర్మవైద్యుడిని కలవాలి. కొన్ని మందుల తర్వాత, ముఖ్యంగా డోసిటాక్సెల్ లాంటి వాటి తర్వాత, కొందరిలో జుట్టు పూర్తిగా తిరిగి రాదు. కీమో తర్వాత హార్మోన్ మాత్రలు కొనసాగించేవాళ్లలో నుదురు, నడినెత్తి పలచగానే ఉండిపోవచ్చు. అలాగని మాత్రలు సొంతంగా ఆపేయకూడదు.

తర్వాతి కత్తిరింపులు

ఆరు వారాలకోసారి మెడ, పక్కలు మళ్లీ మొదటి కొలతలకే దించండి. పైభాగాన్ని వదిలేయండి. పైన చెప్పిన తలకే లెక్క వేస్తే, రెండు విడతలు గడిచేసరికి, అంటే మూడు నెలల తర్వాత నుదుటి దగ్గర దాదాపు 5.5 సెంటీమీటర్లు, నడినెత్తిన 7 ఉంటాయి. మెడ మాత్రం 13 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. ఈ కొలతకు చేరాక పక్కకు దువ్వడం కుదురుతుంది, చిన్న పిన్నులు కూడా నిలుస్తాయి. పొడవు పెంచుకోవాలనుకునేవాళ్లు మెడ, పక్కలు దించడం ఇప్పుడు ఆపాలి, అంతకుముందు కాదు. ఆపినప్పటి నుంచి పక్కలు చెవుల మీదికి వచ్చేదాకా రెండు మూడు నెలలు రెక్కలు మళ్లీ లేస్తాయి. ఆ వ్యవధిలో వాటిని చెవి వెనక్కి తడిగా దువ్వి, సన్నని హెడ్‌బ్యాండ్ కింద ఆరనివ్వండి. బ్యాండ్ బిగువు ఎంతో తెలుసుకోవాలంటే తీశాక నుదుటి అంచు చూడండి: చర్మం మీద గీత మిగిలితే అది బిగువైనట్టే.